కుదరదని చెప్పే ఉత్తరం

ఒక మంగళవారం పొద్దున నాకో ఈమెయిల్ వచ్చింది. 14 పేజీల ఫారాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయాలి, శుక్రవారానికి కావాలి. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసే ఫ్రీలాన్సర్ని. కథలు, పత్రికల వ్యాసాలు, సంస్థల కరపత్రాలు నా పని. ఫైలు తెరిస్తే అది క్లినికల్ ట్రయల్ సమ్మతి పత్రం. కొత్త మందు ప్రయోగంలో చేరే ముందు రోగి చదివి సంతకం పెట్టే కాగితం.

రెండో పేజీలోనే ఆగిపోయాను. అసలు మందు ఎవరికి, చూడ్డానికి అచ్చం అలాగే ఉండి లోపల మందు లేని మాత్ర ఎవరికి అన్నది లాటరీ తీసినట్టు తేలుతుందనీ, ఆ సంగతి రోగికీ డాక్టరుకీ కూడా తెలియదనీ అక్కడ రాసి ఉంది. ఆ రెండో మాత్రను వాళ్లు 'ప్లాసిబో' అంటారు. నేను 'ఉత్తుత్తి మందు' అని రాస్తే రోగి తనను మోసం చేస్తున్నారనుకుంటాడు. 'ఉపశమన మాత్ర' అంటే అందులో మందు ఉందనుకుంటాడు. మన దేశంలో కొత్త మందుల ప్రయోగాలకు 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ సమాచారం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతి ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. మామూలుగా దాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, మూలంతో పోల్చి చూస్తారు. ఈ పనిలో ఆరితేరినవాళ్లు తెలుగు వాక్యం రాస్తున్నప్పుడే ఆ తిరుగు అనువాదం ఎలా వస్తుందో పసిగట్టగలరు. నాకు ఆ చెయ్యి తిరగలేదు.

ఇలాంటప్పుడు మన నోట చటుక్కున వచ్చే మాట 'చూసి చెప్తానండి'. ఎదురుగా ఉన్న మనిషికైతే మన మొహం చూస్తే సంగతి తెలుస్తుంది. ఈమెయిల్లో చదివినవాళ్లు మాత్రం చేస్తామనే అనుకుంటారు. ఒకసారి నేనలా రెండు రోజులు నాన్చి కాదన్నాను. గడువు నాలుగు రోజులే. అందులో సగం నా మొహమాటానికే పోయింది.

అందుకే ఈసారి ముందు ఫోన్ తీశాను. మందుల కాగితాలు చాలాకాలంగా చేస్తున్న ఒక అక్క ఉన్నారు. కంపెనీ పేరు, మందు పేరు చెప్పకుండా, ఫైలు పంపకుండా అడిగాను. "అక్కా, సమ్మతి పత్రం ఒకటి వచ్చింది, 14 పేజీలు, శుక్రవారానికట. మీ పేరు చెప్పమంటారా?"

"శుక్రవారం నా వల్ల కాదమ్మా. సోమవారం సాయంత్రానికైతే ఇస్తాను. ఆ మాట కూడా రాసి పేరు ఇవ్వు," అన్నారు.

మధ్యాహ్నంలోపు ఇలా రాశాను:

"నమస్కారమండీ. ఈ పనికి నన్ను తలచుకున్నందుకు ధన్యవాదాలు. ఇది నేను చేయలేను. నేను కథలు, వ్యాసాలు అనువదిస్తాను. రోగుల సమ్మతి పత్రాలు చేసిన అనుభవం లేదు. ఇలాంటివే చేసే అనువాదకురాలు ఒకరున్నారు. ఆమెను అడిగే ఈ వివరాలు ఇస్తున్నాను. సోమవారం సాయంత్రానికి ఇవ్వగలనన్నారు; శుక్రవారమే కావాలంటే ఆమెకూ వీలు కాదు. రేటు మీరూ ఆమే మాట్లాడుకోండి, ఇందులో నాకు కమిషన్ ఏమీ లేదు. మీ ఫైలు ఎవరికీ పంపలేదు, నా దగ్గరున్న ప్రతిని తీసేశాను. ఆరోగ్యం మీద పాఠకులకు రాసే వ్యాసాలుంటే నాకు సంతోషంగా పంపండి."

కింద ఆమె పేరు, ఈమెయిల్ ఇచ్చాను. ఆమె ఇవ్వమన్నవి అవే, ఫోన్ నంబరు ఇవ్వలేదు.

'చేయలేను' అన్న మాట మూడో వాక్యంలోనే ఉండాలని పట్టుబట్టి రాశాను. కారణం ఒక్క వాక్యంలో అయిపోయింది. అది నిజమైన కారణం కావడం ముఖ్యం. తీరిక లేదని రాసి ఉంటే మర్యాదగానే ఉండేది, కానీ వచ్చే నెల అలాంటి ఫారమే మళ్లీ నా దగ్గరికి వచ్చేది. 'ఆమె అద్భుతంగా చేస్తారు' అని కూడా రాయలేదు. ఆమె చేసిన సమ్మతి పత్రాల్లో తప్పొప్పులు తేల్చే చదువు నాకు లేదు. ఆమె ఏ పని చేస్తారో, ఎప్పటికి ఇవ్వగలరో, ఆ రెండే నాకు తెలుసు.

గడువు సోమవారానికి జరిపారు. ఆ కాగితంలో ప్లాసిబోను ఏమన్నారని తర్వాత అక్కను అడిగాను. "మందు లేని మాత్ర అన్నాను. అంతకంటే ఏముంది?" అన్నారు.

మీరు ఏ వృత్తిలో ఉన్నా సరే, ఇంకొకరి పేరు సూచించే ముందు వాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేయకపోతే సోమవారం సంగతి నా ఉత్తరంలో ఉండేదే కాదు.