చంపేశావ్ పో!

కొత్త మాట వల్ల ఇంట్లో పేచీ రాదు. మనవరాలు ‘క్రింజ్’ అంటే తాతకి అర్థం కాదు. కానీ తనకి అర్థం కాలేదన్న సంగతి మాత్రం తెలుస్తుంది. ‘అంటే ఏంటే?’ అని అడుగుతాడు, అది చెబుతుంది, అక్కడితో సరి. చిక్కంతా ఇద్దరికీ తెలిసిన మాటతోనే వస్తుంది. ‘అరాచకం’ తాతకీ తెలుసు, మనవరాలికీ తెలుసు. అందుకే ఎవరూ ఎవర్నీ అడగరు.

పెళ్లిలో మేనత్త మంగళహారతి పాడిందనుకోండి. ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు పరిగెత్తుకొచ్చి, ‘అత్తా, చంపేశావ్ పో! అరాచకం అసలు!’ అంటాడు. ఆవిడ మొహం చిన్నబోతుంది. ‘గొంతు బాగోలేదురా, వద్దంటే మీ అమ్మే పాడమంది’ అని సంజాయిషీ ఇచ్చుకుంటుంది. వాడికి ఆ సంజాయిషీ ఎందుకో అంతుపట్టదు. ఆవిడ ఈడువాళ్లకి ‘చంపేశావ్ పో’ అనేది పని చెడగొట్టినవాళ్లని అనే మాట. తాళంచెవి ఇంట్లో మర్చిపోయి ఊరొస్తే, అంటారు. ‘అరాచకం’ అంటే రాజు లేని స్థితి, అడిగేవాడు లేని దౌర్జన్యం. పిల్లాడి చెవికి అవి రెండూ చప్పట్లే.

మెచ్చుకోలుకి ఇన్ని హింసాత్మకమైన మాటలెందుకు? ఇరగదీశాడు, కుమ్మేశాడు, చింపేశాడు, దుమ్ము దులిపాడు: అన్నీ తన్నులాట మాటలే. కారణం పిల్లల్లో లేదు, పొగడ్త స్వభావంలోనే ఉంది. పొగిడే మాట వాడేకొద్దీ పదును పోగొట్టుకుంటుంది. ‘బ్రహ్మాండం’ అంటే అసలు సమస్త విశ్వం. దాన్ని మనం ఉప్మాకి వాడాం. ‘అద్భుతం’ నవరసాల్లో ఒకటి. ఇప్పుడు మధ్యాహ్నం టీకి కూడా చెల్లుతోంది. అలా అరిగిన మాటతో నిజంగా గొప్పదాన్ని పొగిడితే మొక్కుబడిగా వినిపిస్తుంది. అప్పుడు కుర్రాళ్లు ఇంకా బరువైన మాట కోసం వెతుకుతారు. మంచి మాటల్లో బరువైనవి ఎప్పుడో ఖర్చయిపోయాయి. చెడ్డ మాటల్లో బరువు ఇంకా మిగిలే ఉంది, పైగా వాటిని నోట పలికితే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. పదహారేళ్ల వయసులో అదేం తక్కువ ఆకర్షణ కాదు. సినిమా ఆ మాటని ఒక హాస్టల్ గదిలోంచి రాష్ట్రమంతటికీ చేరవేస్తుంది.

ఇదేదో ఈ కాలం పిల్లలు తెచ్చిన చేటు అనుకునేవాళ్లు ‘సాహసం’ గురించి ఆలోచించాలి. మనుస్మృతి చెప్పిన 18 రకాల వివాదాల్లో సాహసం ఒకటి. అక్కడ దాని అర్థం బలాత్కారంగా చేసే నేరం. అదే మాటని ఇప్పుడు మనం పతకం ఇచ్చేటప్పుడు వాడుతున్నాం. మృచ్ఛకటికంలో ‘సభికుడు’ జూదశాల నడిపేవాడు. ఇవాళ ‘సభికులకు నమస్కారం’ అంటే ఎవరూ కుర్చీలోంచి లేచి కొట్లాటకి రారు. ‘కంపు’ ఎదురు దారిలో నడిచింది. పాత కావ్యాల్లో అది పూల పరిమళం. ఇప్పుడు ఆ మాట వింటేనే ముక్కు మూసుకుంటాం. చెడ్డది మంచిగా మారితే అర్థసౌమ్యత అనీ, మంచిది చెడిపోతే అర్థగ్రామ్యత అనీ మన భాషాశాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. ఇప్పుడు ‘అరాచకం’ పట్టింది ఆ మొదటి దారినే.

ఇప్పుడు యాభై, అరవై దాటినవాళ్లూ ఈ పని చేసినవాళ్లే. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’తో ‘సుత్తి’ ఊరూరా పాకింది. అందులో నటించిన వీరభద్రరావుకీ, వేలుకీ అది ఇంటిపేరు లాగా అతుక్కుపోయింది. మేకులు కొట్టే పనిముట్టు కాస్తా విసుగెత్తించే మాటలకి పేరయినప్పుడు అప్పటి పెద్దవాళ్లు కూడా నొసలు చిట్లించే ఉంటారు. ఈనాటి కుర్రాళ్లకి ఆ మాట కొంచెం పాతబడింది. వాళ్లకి ‘సోది’ చాలు. ఎరుకలసాని చెయ్యి పట్టుకుని చెప్పే సోది మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు.

మరి రెండర్థాలూ ఒకే ఇంట్లో తిరుగుతున్నప్పుడు ఏది ఏదో గుర్తు పట్టడమెలా? మాటని విడిగా చూస్తే తెలియదు, దాని పక్కన ఏముందో చూడాలి. ‘ఊళ్లో అరాచకం చేస్తున్నాడు’ అంటే ఇప్పటికీ నిందే. ‘వాడి బ్యాటింగ్ అరాచకం’ అంటే పొగడ్త. ‘రచ్చకెక్కాడు’ అంటే పది మందిలో పరువు పోగొట్టుకున్నాడు. ‘రచ్చ రచ్చ’ అంటే పండగ. ‘కేక పెట్టాడు’ అంటే అరిచాడు. ఏ క్రియా లేకుండా ‘పాట కేక’ అంటే బ్రహ్మాండం. ‘నువ్వు తోపు’ అంటే మెప్పు, ‘తోపు అనుకుంటున్నావా?’ అంటే వెక్కిరింత. అంటే పాత అర్థం పాత క్రియని పట్టుకుని బతుకుతుంది, కొత్త అర్థం తనకో కొత్త వాక్యం కట్టుకుంటుంది. పెద్దవాళ్లు మాట దగ్గరే ఆగిపోయి, వాక్యం చివరిదాకా వినకపోవడం వల్లే సగం అపార్థాలు వస్తాయి.

వాక్యమంతా ఒకటే అయినప్పుడు ఈ కిటుకు పనిచేయదు. అలాంటిది ‘మందు కొట్టడం’. పల్లెలో తాత ఫోన్లో, ‘పొద్దున్నే మందు కొట్టేసి వచ్చారా, ఎండెక్కితే కొట్టలేం’ అంటాడు. ఆయన మిరపచేలో పురుగుమందు పిచికారీ చేసొచ్చాడు. పట్నంలో పెరిగిన మనవడు నవ్వాపుకోలేక ఫోన్ పక్కవాడికిస్తాడు. ‘రాత్రి మందేసుకుని పడుకున్నా’ అని బామ్మ దగ్గు సంగతి చెప్పినా అంతే. ఇక్కడ ఇంకో విచిత్రం జరుగుతుంది. ఒక మాటకి కొంటె అర్థం అంటుకుంటే, అమాయకమైన అర్థం తనే ఇల్లు ఖాళీ చేసి పోతుంది. జనం ‘ట్యాబ్లెట్’, ‘బిళ్ల’, ‘సిరప్’ అనడం మొదలుపెడతారు. కనీసం ‘మందులు’ అని బహువచనంలోకి జరుగుతారు. కొంటె అర్థానికి పోటీ తగ్గుతుంది, మాట దానికే రాసిచ్చినట్టవుతుంది.

ఎదురుగా ఉన్నప్పుడు ఇదంతా రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మేనల్లుడి కళ్లు చూస్తే అత్తకి అర్థమవుతుంది. ఫోన్లో కొట్టే అక్షరాలకి కళ్లూ లేవు, గొంతూ లేదు. అందుకే చిన్నవాళ్లు చుక్కకీ, బొమ్మకీ గొంతు అరువిచ్చారు. అమ్మ ‘సరే.’ అని పంపుతుంది. వాక్యం చివర చుక్క పెట్టడం ఆవిడకి బళ్లో అబ్బిన అలవాటు. కూతురికి మాత్రం, పంపే బటన్ నొక్కడమే వాక్యం ముగిసిందని చెప్పడం. ఆ పైన చుక్క కూడా పెట్టారంటే కోపమన్నమాట. అమెరికాలో బింగమ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో విద్యార్థులకి ఇలాంటి పొట్టి జవాబులు చూపించారు. చివర చుక్క ఉన్న సందేశం అంత మనస్ఫూర్తిగా లేదని వాళ్లకి అనిపించింది. అదే జవాబు కాగితం మీద చేతిరాతలో ఉంటే ఆ తేడా కనపడలేదు.

‘సరే...’ ఇంకా ప్రమాదం. పెద్దవాళ్లకి ఆ మూడు చుక్కలు కాస్త ఊపిరి పీల్చుకోవడం, పాత ఉత్తరాల్లో లాగా. పిల్లలకి అవి నోటిదాకా వచ్చి ఆగిన సణుగుడు. నాన్న పంపిన జోకుకి కొడుకు పుర్రె బొమ్మ పెడితే, వాడి భాషలో నవ్వలేక చచ్చానని. నాన్న మాత్రం అమ్మకి చూపించి, ‘వీడికి ఒంట్లో బాగానే ఉందంటావా?’ అని అడుగుతాడు.