బడికి రాసే ఎగ్జిమా ఉత్తరంలో ఏముండాలి?

"మా బాబుకు స్కిన్ ఎలర్జీ ఉంది, కాస్త చూసుకోగలరు." బడులు తెరిచిన కొత్తలో డైరీలో ఈ ఒక్క ముక్క రాసి పంపే తల్లులు చాలామంది. క్లాసునిండా పిల్లలున్న టీచరుకు దీన్నిబట్టి తెలిసేదేమీ ఉండదు. ఏం చూసుకోవాలి, ఎప్పుడు, ఎలా? ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు రాసే ఉత్తరంలో జబ్బు వివరాలకన్నా టీచరు చేయగలిగిన పనులు ఎక్కువ ఉండాలి. విజయవాడలో మూడో తరగతి చదివే పిల్లాడి తల్లి రాస్తున్నట్టు ఊహించి, అలాంటి ఉత్తరాన్ని భాగాలుగా చూద్దాం.

*"క్లాస్ టీచర్ గారికి, నమస్కారం. మా బాబుకు పసితనం నుంచీ ఎగ్జిమా ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చర్మం పొడిబారి విపరీతంగా దురద పెడుతుంది. ఇది గజ్జి కాదు, ఎవరికీ అంటుకోదు. పక్కన కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా ఏమీ కాదు. డాక్టరు గారు రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను."*

అంటుకోదన్న మాట మొదట్లోనే రావాలి. గోక్కునే పిల్లాణ్ని చూస్తే పక్కవాళ్లు బెంచీ మారిపోతారు. గజ్జి చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది, కాబట్టి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఎగ్జిమాలో అలా పాకే క్రిమి లేదు. చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిదనుకుంటే, ఈ పిల్లల్లో ఇటుకల మధ్య సిమెంటు సరిగా పడలేదన్నమాట. కొందరిలో ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. దాంతో లోపలి తేమ బయటికి పోతుంది, బయటి సబ్బు, దుమ్ము, చెమట లోపలికి చేరి చర్మాన్ని రేపుతాయి.

రంగు గురించి కూడా ఒక వాక్యం రాయాలి. పుస్తకాల్లో ఎర్రటి మచ్చలని ఉంటుంది గానీ, మన చామనఛాయ ఒంటిమీద అవి ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో కనిపిస్తాయి. ఎరుపు కోసం చూస్తే జబ్బు తిరగబెట్టిన సంగతి తెలియదు. తగ్గాక కూడా కొన్నాళ్లు అక్కడ చర్మం నల్లగానో, తెల్లగానో ఉండిపోతుంది. అది చూసి జబ్బు ఇంకా ఉందనో, బొల్లి అనో కంగారు పడనక్కర్లేదు.

*"వాడు గోక్కుంటుంటే దయచేసి 'గోకొద్దు' అని అందరి ముందూ అనకండి. బల్ల దగ్గరికి పిలిచి నోటుపుస్తకాలు పంచమనో, బోర్డు తుడవమనే బదులు డస్టర్ తెచ్చిపెట్టమనో చెప్పండి. అప్పటికీ ఆగకపోతే కుళాయి దగ్గరికి పంపండి. తడిపిన చేతిరుమాలు కాసేపు అద్దుకుని వస్తాడు."*

ఉత్తరం మొత్తానికీ ప్రాణం ఈ పేరాయే. గోకితే చర్మం చిట్లుతుంది, చిట్లితే వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే దురద ఇంకా రేగుతుంది. ఈ చక్రం తిరుగుతుండగా వద్దన్న మాట పనిచేయదు. పైగా పిల్లాడి మనసంతా దురద మీదికే పోతుంది, చాటుగా గోక్కోవడం నేర్చుకుంటాడు. చేతులకు పని దొరికితే, చర్మానికి చల్లదనం తగిలితే ఆ నిమిషం గడుస్తుంది. బోర్డు తుడవమనకపోవడానికి కారణం సుద్దపొడి. పొడిబారిన చర్మాన్ని అది ఇంకా ఎండగడుతుంది.

*"రాత్రిపూట దురదకు మెలకువ వస్తుంటుంది. డాక్టరు రాసిన సిరప్ వేసిన మర్నాడు మొదటి పీరియడ్‌లో మత్తుగా ఉండొచ్చు. అలాంటి రోజు డైరీలో రాసి పంపుతాను."*

ఎగ్జిమా దురద రాత్రిళ్లు ఎక్కువ. నిద్ర చాలని పిల్లాడు చదువులో వెనకబడినట్టో, అల్లరి చేస్తున్నట్టో కనిపిస్తాడు. డైరీలో ఒక్క మాట ఉంటే టీచరు దాన్ని సోమరితనం అనుకోరు.

*"ఫ్యాను గాలి తగిలే చోట, ఎండ పడే కిటికీకి దూరంగా కూర్చోబెట్టండి. పి.టి. క్లాసు మాన్పించవద్దు. ఆట అయ్యాక మంచినీళ్లతో మెడ, చేతులు కడుక్కుని, తుడవకుండా అద్దుకుని, లోపలి బనియన్ మార్చుకోనివ్వండి. యూనిఫాం అదే రంగులో, నూలుబట్టతో, కాస్త వదులుగా కుట్టించడానికి అనుమతి కోరుతున్నాను."*

కోస్తాలో జూన్ నెలంటే ఉక్కపోత. చెమట, దానికి తోడు గాలాడని పాలియెస్టర్ చొక్కా, బిగుతు కాలరు కలిస్తే మధ్యాహ్నానికి మెడ మండిపోతుంది. ఆదిలాబాద్ వైపు పిల్లాడికైతే డిసెంబరు చలి, పొడిగాలి, ఉన్ని స్వెట్టరు గరుకు ఇబ్బంది పెట్టొచ్చు. మీ పిల్లాడికి ఏ కాలంలో ఏది పడదో అదే రాయండి. పుస్తకంలో ఉన్న జాబితా అంతా ఎత్తి రాస్తే టీచరు ఏదీ గుర్తుపెట్టుకోలేరు.

*"సంచిలో పేరు రాసిన చిన్న డబ్బా ఉంటుంది. అది వాసన లేని మాయిశ్చరైజర్, మందు కాదు. భోజనం గంటలో చేతులు కడుక్కున్నాక వాడే రాసుకుంటాడు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇంట్లోనే రాస్తాం, బడికి పంపం."*

మాయిశ్చరైజర్‌ను వెంట్రుకలు వాలిన దిశలో మందంగా పూసి వదిలేయాలి, రుద్దకూడదు. డబ్బాలో వేలు పెట్టకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోవాలి. పారాఫిన్ ఉన్న క్రీములు బట్టలకు పట్టి ఉంటే నిప్పు త్వరగా అంటుకుంటుంది, అందుకే దీపాలు వెలిగించే చోట పిల్లాణ్ని దూరంగా ఉంచమని రాయాలి. స్టెరాయిడ్ రోజుకు ఒకటి రెండుసార్లు, డాక్టరు చెప్పినన్ని రోజులే రాసేది, కాబట్టి బడిలో దాని అవసరం రాదు. మెడికల్ షాపులో దొరికే, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన క్రీములు ఎవరైనా ప్రేమతో ఇచ్చినా రాయవద్దని చెప్పండి. వాటిలో చాలావాటి స్టెరాయిడ్ పిల్లల లేత చర్మానికి మరీ ఘాటు.

*"వంకాయ, గుడ్డు తినొద్దని ఎవరైనా అన్నా ఆపకండి. వాడికి ఏ తిండీ పడకపోవడం లేదు. కింది రెండు కనిపిస్తే మాత్రం వెంటనే ఫోను చేయండి. ఒకటి, పుండు నీరు కారి పసుపు పక్కు కట్టడం. రెండు, ఒకేలాంటి చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేవడం, జ్వరం రావడం."*

పసుపు పక్కు కడితే బ్యాక్టీరియా చేరిందన్నట్టు, డాక్టరుకు చూపించాలి. రెండోది ఇంకా తొందరైన విషయం. పెదవి దగ్గర జ్వరపొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ఎగ్జిమా చర్మంలోకి చేరితే వేగంగా పాకుతుంది. పొక్కులు చిట్లి, అచ్చు గుద్దినట్టు గుండ్రటి పుళ్లు పడతాయి, నొప్పి ఉంటుంది. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఎగ్జిమా అంటుకోకపోయినా ఈ వైరస్ అంటుకుంటుంది, కాబట్టి పెదవి మీద పొక్కున్న వాళ్లు పిల్లాణ్ని ముద్దాడకుండా చూడాలి. తిండి విషయంలో, పరీక్షల్లో ఎలర్జీ తేలిన పిల్లాడికి ఆ పదార్థం పేరు స్పష్టంగా రాయాలి. తేలకపోతే పత్యం పెట్టవద్దనీ అంతే స్పష్టంగా రాయాలి. ఊరికే మాన్పిస్తే పిల్లాడికి దక్కాల్సిన పోషణ పోతుంది.

ఇదంతా ఒక పేజీ దాటకూడదు. ఒక కాపీ క్లాస్ టీచరుకు, ఒకటి పి.టి. సారుకు, ఒకటి ఆఫీసుకు ఇవ్వాలి. పి.టి. సారుకు చేరకపోతే చెమట సంగతి ఎవరూ పట్టించుకోరు. ఏసీ గదులు, సుద్దముక్కలు లేని బోర్డులు అడిగితే మిగతావి కూడా పక్కన పడతాయి. అందుకే అడిగేవి ఆ టీచరు ఆ రోజే చేయగలిగినవై ఉండాలి. ఎగ్జిమా కాలంతో పాటు మారుతుంది గనక దసరా సెలవులయ్యాక ఒకసారి కలిసి, ఏది పనికొచ్చింది, ఏది కుదరలేదని అడిగి, చలికాలానికి తగ్గట్టు ఆ పేజీ మళ్లీ రాసివ్వాలి.