రాత్రి జడ, తెల్లవారికి నొక్కులు

వేడి పరికరాలు వాడకుండా జుట్టుకు నొక్కులు తెప్పించే పని నీటి మీద ఆధారపడి ఉంటుంది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్ పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడిస్తే విడిపోతాయి, ఆరితే మళ్లీ ముడిపడతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపే నిలుస్తుంది. వేడి కడ్డీ ఈ పనిని క్షణాల్లో చేస్తుంది. కానీ జుట్టు తడిగా ఉంటే లోపలి నీరు ఆవిరై బుడగలు ఏర్పడతాయి, వెంట్రుక అక్కడే తెగుతుంది. జడకు ఒక రాత్రి పడుతుంది గానీ ఈ ప్రమాదం లేదు.

అన్నిటికంటే ముఖ్యం తడి ఎంత ఉందన్నది. పిడికిట్లో నొక్కితే అరచేతికి నీరు అంటకూడదు, చల్లదనం మాత్రం తెలియాలి. బాగా తడిగా అల్లితే జడ లోపలి భాగం తెల్లవారేసరికి ఆరదు, విప్పగానే నొక్కులు జారిపోతాయి. పైగా తడి వెంట్రుక సులువుగా సాగి తెగుతుంది. పూర్తిగా ఆరిన జుట్టులో వంపు సరిగా నిలవదు కాబట్టి కొద్దిగా నీళ్లు చిలకరించాలి.

నడుము దాకా ఉన్న ఒత్తయిన జుట్టునే తీసుకుంటే, సాయంత్రమే తలస్నానం చేసి, పడుకునే ముందు వరకు ఆరనివ్వాలి. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసి, మధ్య పాపిడి పెట్టి, రెండు వైపులా మూడు పాయల జడలు అల్లాలి. కుదుళ్ల దగ్గర వదులుగా, కిందికి వచ్చేకొద్దీ కాస్త బిగువుగా ఉండాలి. కొసలను పైకి మడిచి మెత్తని గుడ్డతో కట్టకపోతే చివర్లు తిన్నగానే మిగిలిపోతాయి. రెండు జడలకు వెడల్పు నొక్కులు వస్తాయి, ఆరు సన్నజడలకు చిన్న నొక్కులు దగ్గరదగ్గరగా వస్తాయి. నొక్కులు కాక ఉంగరాలు కావాలంటే జడకు బదులు పొడవాటి శాటిన్ గుడ్డను తల మీదుగా వేసి, రెండు వైపులా జుట్టును దాని చుట్టూ ముఖానికి దూరంగా చుట్టాలి.

పొద్దున విప్పే ముందు జడలో మందంగా ఉన్న చోట నొక్కి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని అర్థం, కాసేపు ఫ్యాను కింద ఆగాలి. ఆరాక కింది నుంచి విప్పి, వేళ్లతోనే పాయలు విడదీయాలి. దువ్వితే నొక్కులు చెదిరి జుట్టు ఉబ్బుతుంది.

ఈ నొక్కులకు గాలిలోని తేమే శత్రువు, ఎందుకంటే అదే బంధాలను మళ్లీ విప్పుతుంది. అందుకే విశాఖపట్నం లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం ఇవి త్వరగా వదులవుతాయి, పొడిగాలి వీచే రోజుల్లో ఎక్కువసేపు నిలుస్తాయి. కొబ్బరినూనె దట్టంగా ఉన్నా బరువుకు వంపు సాగిపోతుంది, కాబట్టి నూనె తలస్నానానికి ముందే రాసుకోవాలి. రాత్రి మాడు నొప్పెడితే జడ బిగువైందని గుర్తు. వెంటనే వదులు చేయాలి. తరచూ అలా లాగి కడితే నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది.