బోనస్ ఇస్తే మార్కులు ఎలా పెరిగాయి? ఎవరి దగ్గర పెరిగాయి?

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన కొన్ని బడుల్లో, పిల్లల మార్కులు పెరిగినదాన్నిబట్టి టీచర్లకు బోనస్ ఇస్తామన్నారు. పోల్చి చూడటానికి మరికొన్ని బడులను ఎప్పటిలాగే నడవనిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను 2011లో ప్రచురించారు. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. లెక్కల్లో ఆ తేడా అంటే, వంద మందిలో సరిగ్గా మధ్యన ఉండే పిల్లవాడు దాదాపు పది మందిని దాటుకుని ముందుకు వెళ్లినట్టు.

బోనస్ పనిచేసింది. అయితే డబ్బుకూ మార్కులకూ మధ్య ఏం జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికేది మీడియేషన్. అందరు టీచర్ల దగ్గరా బోనస్ ఒకేలా పనిచేసిందా? దీనికి జవాబు వెతికేది మోడరేషన్. రూబెన్ బారన్, డేవిడ్ కెన్నీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రెంటికీ ఉన్న తేడాను 1986లోనే విడమర్చి చెప్పారు. అయినా పరిశోధనా విద్యార్థులు ఇప్పటికీ ఒకదాని చోట ఇంకొకటి వాడుతుంటారు.

ముందు మొదటి ప్రశ్న. బోనస్ ఆశతో టీచర్లు బడికి ఎగ్గొట్టడం మానేసి ఉంటారని ఎవరికైనా తోస్తుంది. పరిశోధకులు చెప్పాపెట్టకుండా బడులకు మనుషులను పంపి హాజరు చూశారు. బోనస్ ఉన్న బడులకూ లేని బడులకూ తేడా కనబడలేదు. బోనస్ హాజరునే మార్చనప్పుడు, మార్కులు హాజరు దారిలో పెరిగాయనడానికి వీల్లేదు. ఆ ఊహ అక్కడితో ఆగిపోయింది. టీచర్లను అడిగితే మాత్రం వేరే తేడాలు బయటపడ్డాయి: బోనస్ బడుల్లో బడివేళ దాటాక అదనపు క్లాసులు, ఎక్కువ హోంవర్క్, ప్రాక్టీసు పరీక్షలు.

ఈ దారిని రిగ్రెషన్‌లో ఎలా కొలుస్తారో ఊహించిన అంకెలతో చూద్దాం. బోనస్ వల్ల మార్కులు మొత్తం 6 పెరిగాయి. ఇప్పుడు రెండు సమీకరణాలు కావాలి. మొదటిది బోనస్ వల్ల అదనపు క్లాసులు ఎంత పెరిగాయో చెబుతుంది: వారానికి 2 గంటలు అనుకుందాం. రెండో సమీకరణంలో బోనస్‌నూ అదనపు గంటలనూ కలిపే పెడతారు. అందులో ఒక్కో గంటకు 1.5 మార్కులు వచ్చాయనుకుందాం. రెంటినీ గుణిస్తే 3. అంటే 6 మార్కుల్లో 3 అదనపు క్లాసుల మీదుగా వచ్చాయి, మిగతా 3 ఇతర దారుల్లో వచ్చాయి. ఈ 3 యాదృచ్ఛికమా కాదా అని తేల్చడానికి, ఉన్న డేటాలోంచే వేలసార్లు మళ్లీ మళ్లీ నమూనాలు తీసి అదే గుణకారం చేస్తారు. వచ్చిన విలువల్లో మధ్య 95 శాతం సున్నాను తాకకపోతే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

మోడరేషన్‌కు ఒక్క సమీకరణం చాలు. అందులో బోనస్, టీచరు శిక్షణ, ఆ రెంటి లబ్ధం ఉంటాయి:

మార్కులు = 40 + 2 × బోనస్ + 0 × శిక్షణ + 5 × (బోనస్ × శిక్షణ)

ఇవీ ఊహించిన అంకెలే. శిక్షణ లేని టీచరు దగ్గర బోనస్ 2 మార్కులు పెంచుతుంది, శిక్షణ పొందిన టీచరు దగ్గర 2కు 5 కలిపి 7. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆ 2ను చూసి ‘బోనస్ ప్రభావం 2 మార్కులు’ అని రాసేస్తారు. అది శిక్షణ లేనివారికి మాత్రమే వర్తించే అంకె. పది మంది టీచర్లలో ఎనిమిది మందికి శిక్షణ ఉంటే సగటు ప్రభావం 6 అవుతుంది. ఆంధ్రా ప్రయోగంలో నిజంగానే ఈ తీరు కనిపించింది. ఎక్కువ చదువు, శిక్షణ ఉన్న టీచర్ల దగ్గర బోనస్ మెరుగ్గా పనిచేసింది. బోనస్ లేని చోట మాత్రం ఆ అర్హతలు పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా చూపలేదు.

మీడియేషన్ అంకెను నమ్మే ముందు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. బోనస్‌ను లాటరీ వేసి ఇచ్చారు, అదనపు క్లాసులను అలా ఇవ్వలేదు. ఎవరు పెట్టాలనుకుంటే వారు పెట్టారు. పిల్లల మీద శ్రద్ధ ఉన్న టీచరు అదనపు క్లాసులూ పెడతాడు, మామూలు క్లాసులోనూ బాగా చెబుతాడు. అప్పుడు గంటకు 1.5 అన్న అంకెలో ఆ శ్రద్ధ ఫలం కూడా కలిసిపోతుంది. నమూనా ఎంత పెద్దదైనా ఈ దోషం పోదు. మోడరేషన్‌లోనూ జాగ్రత్త కావాలి. శిక్షణను లాటరీలో పంచలేదు కాబట్టి, ఇప్పుడు అందరికీ శిక్షణ ఇస్తే అందరి దగ్గరా 7 మార్కులు వస్తాయని చెప్పలేం. ఎవరి దగ్గర బోనస్ ఎక్కువ పనిచేసిందో మాత్రమే చెప్పగలం.

కాబట్టి ‘ఫలానా కారణం మీదుగానే మార్కులు పెరిగాయి’ అనే నివేదిక చేతికొస్తే, ఆ మధ్య కారణాన్ని కూడా లాటరీతో పంచారా, లేక గమనించి రాసుకున్నారా అని ముందుగా చూడండి.