మీకు తెలుసా? గుర్తు లేని అంకెనూ చూడాలి

వాట్సాప్‌లో వచ్చిన ఒక యువకుడి రక్తపరీక్ష రిపోర్టు ఫొటోలో హిమోగ్లోబిన్ 11, ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, 62 ఉన్నాయనుకుందాం. రెండింటి పక్కనా 'తక్కువ' గుర్తు కనబడగానే చాలామంది ఐరన్ మాత్రలు కొనేస్తారు. ఆగి, ఏ గుర్తూ లేని ఎర్రకణాల సంఖ్య చూడండి. అది 5.4. 62ను 5.4తో భాగిస్తే 11.5 వస్తుంది. ఇది మెంట్జర్ సూచిక. 13 కంటే తక్కువైతే తలసీమియా వాహకుడేమోనని అనుమానించాలి. ఐరన్ లోపంలో కణాలు చిన్నవవడమే కాక వాటి సంఖ్యా తగ్గుతుంది కాబట్టి ఫలితం సాధారణంగా 13 దాటుతుంది. రెండు సమస్యలూ కలిసుంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఫొటో మసకబారి దశాంశ చుక్క కనబడకపోయినా అంతే. ఫెరిటిన్, హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షలతో సంగతి చాలావరకు తేలుతుంది. వాహకుడని తేలితే జీవిత భాగస్వామికీ పరీక్ష చేయించండి.