దాళ్వా వరా, గుర్రపుడెక్కా?

ఫిబ్రవరిలో కొల్లేరు మీదుగా తీసిన ఉపగ్రహ చిత్రంలో పచ్చగా ఉన్నదంతా వరి కాదు, నీళ్లన్నీ నీలంగానూ ఉండవు. పచ్చదనంలో దాళ్వా వరి కొంత, గుర్రపుడెక్క కొంత, కిక్కిస గడ్డి కొంత. నీళ్లలోనూ ఒక చేపల చెరువు నాచు పట్టి ఆకుపచ్చగా, పక్కది బురద కలిసి గోధుమరంగుగా, మధ్యలో సరస్సు మరో రంగుగా కనిపిస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సులో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు 1999 నుంచి అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం పెద్దయెత్తున చెరువు గట్లను తెగ్గొట్టించింది. అప్పటినుంచీ తరచూ వినపడే ప్రశ్న ఒకటే: ఇందులో చెరువులెంత, ఖాళీ నీళ్లెంత, కలుపెంత?

అంగుళం అంగుళం నడిచి కొలవలేం కాబట్టి చిత్రాన్నే రకాలుగా విడగొట్టాలి. దానికి రెండు దారులున్నాయి. ‘ఇది వరి, ఇది చెరువు’ అని ముందే నమూనాలు చూపించి, మిగతాది కంప్యూటర్ చేత పోల్పించడం మొదటిది. ఏ నమూనా ఇవ్వకుండా ‘ఒకేలా ఉన్నవాటిని నువ్వే గుంపులు చెయ్యి, పేర్లు తర్వాత మేం పెడతాం’ అనడం రెండోది. ఈ రెండో దారిలో ఎక్కువగా వాడే లెక్క పేరు కె-మీన్స్. లెక్క సులువే. పేర్లు పెట్టడంలోనే అసలు పని దాగుంది.

ముందు కంప్యూటర్‌కు ఏం కనిపిస్తుందో చూద్దాం. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. వాటిలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం అనే నాలుగు బ్యాండ్లలో ఒక్కో పిక్సెల్ నేల మీద పది మీటర్ల చదరం. అంటే ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు, 308 చదరపు కిలోమీటర్లకు 30 లక్షలకు పైగా. ఒక్కో బ్యాండ్‌లో ఎంత వెలుగు తిరిగొచ్చిందో చెప్పే అంకె ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది. కంప్యూటర్ చూసేది ఈ నాలుగంకెల్నే. వీటిలో మన కంటికి కనపడని సమీప పరారుణమే చాలాచోట్ల తేడా పట్టిస్తుంది. నీరు దాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది, పచ్చటి ఆకు మాత్రం బాగా వెనక్కి కొడుతుంది.

చేత్తో లెక్కవేసుకోడానికి రెండు బ్యాండ్లు, ఆరు పిక్సెళ్లు చాలు. అంకెలు నేను ఊహించినవే అయినా వాస్తవానికి దగ్గరగా ఉంటాయి. మొదటి అంకె ఎరుపు, రెండోది పరారుణం, రెండూ శాతాల్లో. నీళ్లు (4, 2), (5, 3). పచ్చటి పైరు (4, 40), (5, 44). ఎండిన నేల (18, 26), (20, 28). మూడు గుంపులు కావాలంటాం. ఆ మూడే ‘కె’. దాన్ని చెప్పాల్సింది మనమే. కంప్యూటర్ ఎక్కడో మూడు కేంద్రాలు పెట్టుకుంటుంది. ప్రతి పిక్సెల్‌నూ దానికి అతి దగ్గరి కేంద్రానికి అప్పగిస్తుంది. తర్వాత ఒక్కో గుంపు సగటు తీసి కేంద్రాన్ని అక్కడికి జరుపుతుంది. మళ్లీ అప్పగింత, మళ్లీ సగటు. ఏ పిక్సెలూ గుంపు మారని దశ వచ్చాక ఆగుతుంది. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ లాయిడ్ 1957లోనే ఈ పద్ధతి రాశారు. కె-మీన్స్ అన్న పేరు 1967లో జేమ్స్ మాక్వీన్ పెట్టింది.

నీళ్లలో ఒకటి, పైరులో ఒకటి, నేలలో ఒకటి కేంద్రాలుగా మొదలుపెడితే చిక్కే లేదు. (4.5, 2.5), (4.5, 42), (19, 27) దగ్గర మూడు గుంపులూ కుదురుకుంటాయి. కానీ మొదటి రెండు కేంద్రాలూ నీళ్లలోనే, అంటే (4, 2), (5, 3) దగ్గర పడి, మూడోది (18, 26) దగ్గర పడిందనుకోండి. పైరు పిక్సెల్ (4, 40)కి మూడో కేంద్రం దాదాపు 20 దూరంలో ఉంది, నీళ్ల కేంద్రాలు 37, 38 దూరంలో ఉన్నాయి. కాబట్టి పైరు వెళ్లి నేలతో చేరుతుంది. ఆ నాలుగింటి సగటు (11.75, 34.5). మళ్లీ అప్పగించి చూడండి, ఒక్క పిక్సెల్ కూడా కదలదు. లెక్క ముగిసిపోయింది. నీళ్లు అనవసరంగా రెండుగా చీలాయి, పైరూ ఎండిన నేలా ఒక్కటైపోయాయి. ఎక్కడా ఎర్రర్ రాదు, రంగురంగుల పటం చక్కగానే తయారవుతుంది.

దీన్ని పట్టుకునే ఉపాయం ఉంది. ప్రతి పిక్సెల్‌కూ దాని కేంద్రానికీ ఉన్న దూరాన్ని వర్గం చేసి, అన్నీ కూడాలి. మంచి ఆరంభంలో ఆ మొత్తం 13.5. చెడ్డ ఆరంభంలో 448 దాకా పోతుంది. అందుకే కేంద్రాలను వేర్వేరు చోట్ల పెట్టి లెక్కను పదిసార్లో ఇరవైసార్లో నడిపి, మొత్తం అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్నే ఉంచుకుంటారు. ఒక్కసారి నడిపి వచ్చిన పటాన్ని నమ్మకూడదు.

ఇక ‘కె’ ఎంత ఉండాలి? మనకు కావలసినవి అయిదు రకాలు కాబట్టి అయిదు అని అడగాలనిపిస్తుంది. ఆ ఆశకు లొంగకపోవడమే మేలు. కె-మీన్స్‌కు పిక్సెళ్లు ఎక్కువున్న చోటే పట్టింపు ఎక్కువ. కొల్లేరులో నీళ్లు విస్తారం, పైగా నీళ్లలోనే బోలెడన్ని ఛాయలు. అయిదిమ్మంటే నీళ్లకే రెండు పోవచ్చు. లంక గ్రామాల ఇళ్లు, రోడ్లు కొన్ని పిక్సెళ్లే కనుక ఎండిన నేల గుంపులో కలిసిపోతాయి. అందుకని ఇరవయ్యో పాతికో గుంపులు అడిగి, ఒకే రకమని తేలినవాటిని తర్వాత కలపడం మేలు. విడగొట్టినవాటిని కలపడం క్షణంలో పని, కలిసిపోయినవాటిని విడదీయడం చిత్రం మొత్తం తిరగతోడడం.

పాతిక గుంపులు వచ్చాయనుకుందాం. అప్పటికి వాటికి ఉన్నది ఒకటి నుంచి పాతిక దాకా అంకెలే. ఏడో నంబరంటే ఏమిటో కంప్యూటర్‌కు తెలీదు. ముందుగా ఒక్కో గుంపు సగటు అంకెలు చదవాలి. పరారుణం మూడు శాతమంటే నీళ్లేనని సగం ధైర్యం. అలాంటివి ఆరేడు గుంపులుండొచ్చు. ఆకుపచ్చ బ్యాండ్‌లో కాస్త పైకి లేచింది నాచు పట్టిన చెరువు, ఎరుపులోనూ లేచింది బురదనీరు. మనకు కావలసింది ‘నీళ్లు’ అన్న ఒక్క రకమే అయితే అన్నిటినీ కలిపెయ్యొచ్చు.

తర్వాత ఒక్క గుంపునే వెలిగించి మిగతావన్నీ చీకటి చేసి పటాన్ని చూడాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. సగటు అంకెలు చూస్తే ‘తడి నేల’ అనిపించే గుంపొకటి, వెలిగించగానే సన్నటి గీతలతో అల్లిన గళ్లుగా కనిపిస్తుంది. అది నేల రకమే కాదు, చెరువు గట్టు! గట్టు వెడల్పు పిక్సెల్ కంటే తక్కువైన చోట ఆ పిక్సెల్‌లో సగం నీరు, సగం గడ్డీ మట్టీ పడి, రెంటి సగటు వేరే పదార్థంలా కనిపిస్తుంది. ఆ గుంపుకు ‘బురద’ అని పేరు పెడితే లేని బురద నేలలు పటంలోకి వస్తాయి. గుంపు ఏ ఆకారంలో పరుచుకుందో చూస్తేనే ఈ గుట్టు తెలుస్తుంది. కంప్యూటర్‌కు ఆ చూపు లేదు. చిత్రంలోని పిక్సెళ్లన్నిటినీ చిందరవందరగా కలిపేసి లెక్క నడిపినా సరిగ్గా ఇవే గుంపులొస్తాయి. ఏ పిక్సెల్ పక్కన ఏది ఉందన్న సంగతి కె-మీన్స్ అసలు పట్టించుకోదు.

అందుకే ఎండగట్టిన చెరువు కూడా దాన్ని మోసగిస్తుంది. చేపలు పట్టేశాక నీళ్లు తీసి ఎండబెట్టిన చెరువు అడుగు, కోత అయిపోయిన మడి, రెండూ అంకెల్లో ఒకటే. నలువైపులా గట్టున్న పెద్ద దీర్ఘచతురస్రాన్ని చూసి మనిషి మాత్రం ‘ఇది చెరువు’ అనగలడు.

అన్నిటికంటే ముదిరిన పేచీ పచ్చదనంతోనే. గుర్రపుడెక్క దట్టంగా పట్టిన నీళ్లు, ఏపుగా పెరిగిన దాళ్వా వరి ఫిబ్రవరిలో దాదాపు ఒకే అంకెలిస్తాయి. ఒకే గుంపులో సగం వరి, సగం కలుపు ఉన్నాయని తెలిశాక ఆ గుంపుకు ఏ పేరు పెట్టినా సగం అబద్ధమే. ‘కె’ను యాభైకి పెంచినా లాభం తక్కువ, ఉన్న అంకెల్లో తేడానే లేనప్పుడు గీత ఎక్కడ గీస్తుంది? కొత్త సమాచారం తేవాలి. దాళ్వా ఏప్రిల్‌లో కోతకొస్తుంది, గుర్రపుడెక్క కోతకు రాదు. మే మొదట్లో మబ్బు లేని చిత్రం ఒకటి తీసుకుని, ఫిబ్రవరి నాలుగు బ్యాండ్లకూ దాని నాలుగూ చేర్చాలి. ఆ పచ్చటి గుంపు పిక్సెళ్లను మాత్రమే వేరుచేసి, ఎనిమిదంకెలతో మళ్లీ కె-మీన్స్ నడపాలి. ఫిబ్రవరిలో పచ్చగా ఉండి మేలో ఎండినది వరి, రెండుసార్లూ పచ్చగానే ఉన్నది కలుపు. అయితే మే నాటికి నీళ్లు ఇంకిపోయి ఎండిన కలుపు వరి లెక్కలోకే పోతుంది, దాన్ని అక్కడికి వెళ్లి చూడాల్సిందే. మబ్బు నీడల్ని మాత్రం ముందే చెరిపెయ్యాలి. లేకపోతే నల్లటి నీడ నీళ్ల గుంపులోకి దూరి, పొలాల మధ్య లేని చెరువులు పుట్టిస్తుంది.

పేర్లన్నీ పెట్టాక పటాన్ని పరీక్షించాలి. ఒక్కో రకంలోంచి యాదృచ్ఛికంగా కొన్ని చోట్లు ఎంచి, నేల మీదో, స్పష్టమైన పెద్ద చిత్రంలోనో సరిచూస్తారు. పేర్లు పెట్టడానికి చూసిన చోట్లనే మళ్లీ పరీక్షకు వాడకూడదు. వాడితే మనం పెట్టిన పేర్లను మనమే మెచ్చుకున్నట్టవుతుంది. ‘కలుపు’ అన్న వంద చోట్లలో 80 నిజంగా కలుపు, 15 వరి, 5 గట్టు గడ్డి అని తేలిందనుకోండి. దీంతో పాటు రెండోవైపూ చూడాలి, నేల మీద కలుపున్న చోట్లలో ఎన్నిటిని పటం వరి అనేసిందో. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అందుకే పటంలో కలుపు పిక్సెళ్లు లెక్కపెట్టి, వంద చదరపు మీటర్లతో గుణించి ‘ఇన్ని ఎకరాల కలుపు’ అని చెప్పడం సరికాదు. పరీక్షలో తేలిన తప్పుల నిష్పత్తితో ఆ విస్తీర్ణాన్ని సవరించి, అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో పక్కనే రాయాలి. ఎంత ప్రయత్నించినా విడిపోని గుంపుంటే దానికి ‘వరి లేదా కలుపు’ అనే పేరే పెట్టి, దాని ఎకరాలను విడిగా చూపించాలి.