పదాల లెక్కలో రాణి ఎలా వచ్చింది?

వర్డ్ ఎంబెడింగ్ అంటే ఒక పదానికి బదులుగా కంప్యూటర్ వాడుకునే అంకెల వరుస. ఈ వరుసనే వెక్టర్ అంటారు. 2013లో గూగుల్‌లో పనిచేస్తున్న తోమాష్ మికొలోవ్, ఆయన సహచరులు ఈ వరుసలను వేగంగా తయారుచేసే వర్డ్2వెక్ అనే ప్రోగ్రామును విడుదల చేశారు. దాంతోపాటు ఇంగ్లిష్ వార్తల నుంచి నేర్పించిన వెక్టర్లను కూడా అందరికీ ఇచ్చారు. దాదాపు పదివేల కోట్ల పదాల వార్తల నుంచి 30 లక్షల పదాలకూ పదబంధాలకూ వచ్చిన వెక్టర్లవి. ఒక్కో దానిలో 300 అంకెలుంటాయి. "కింగ్" వెక్టర్‌లోంచి "మ్యాన్" వెక్టర్‌ను తీసేసి "వుమన్" వెక్టర్‌ను కలిపితే "క్వీన్" వస్తుందన్న ప్రసిద్ధమైన లెక్కను చాలామంది చేసి చూసింది వీటి మీదే. ఆ లెక్క నిజంగా ఏం చెబుతుందో తెలియాలంటే ముందు ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడాలి.

వర్డ్2వెక్‌లో ఇలాంటి అంకెలను పుట్టించే పద్ధతుల్లో ఒకటి స్కిప్-గ్రామ్. కంప్యూటర్ వాక్యాల వెంట నడుస్తూ, ప్రతి పదం దగ్గరా ఆగి, దాని ఇరుగుపొరుగు పదాలను జతలుగా తీసుకుంటుంది. "నిన్న గోదావరిలో వరద నీరు బాగా తగ్గింది" అన్న వాక్యంలో "వరద" దగ్గర ఆగిందనుకుందాం. అటు రెండు, ఇటు రెండు పదాలు చూస్తే నాలుగు జతలొస్తాయి: వరద–నిన్న, వరద–గోదావరిలో, వరద–నీరు, వరద–బాగా. ఇవి నిజంగా కలిసి కనబడిన జతలు. ఇలాంటివి మాత్రమే చూపిస్తే కంప్యూటర్ అన్ని పదాలనూ ఒకే చోట కుప్పపోసి, ప్రతి జతా సరైనదేనని చెప్పి ఊరుకుంటుంది. అందుకే ప్రతి నిజమైన జతకూ తోడుగా, అదే "వరద"కు పదజాలంలోంచి యాదృచ్ఛికంగా తీసిన కొన్ని పదాలను జోడిస్తారు: వరద–టిక్కెట్టు, వరద–వ్యాకరణం వంటివి. వీటిని కాని జతలుగా లెక్కవేస్తారు. నెగటివ్ శాంప్లింగ్ అంటే ఇదే. పాఠ్యం తక్కువగా ఉంటే ఒక్కో నిజమైన జతకు 5 నుంచి 20 వరకు, చాలా ఎక్కువగా ఉంటే 2 నుంచి 5 వరకు ఇలాంటి జతలు సరిపోతాయని మికొలోవ్ బృందం రాసింది.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. ప్రతి పదానికీ ఒకటి కాదు, రెండు వెక్టర్లుంటాయి. పదం మధ్యలో నిలిచినప్పుడు వాడేది ఒకటి, పొరుగున నిలిచినప్పుడు వాడేది ఇంకొకటి. జతలోని మధ్యపదపు వెక్టర్‌నూ పొరుగుపదపు వెక్టర్‌నూ అంకెకు అంకె గుణించి, వచ్చిన వాటన్నిటినీ కూడతారు. ఆ మొత్తాన్ని సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే సంభావ్యతగా మారుస్తారు. మొత్తం సున్నా అయితే సంభావ్యత 0.5, అంటే ఈ జత నిజమో కాదో ఏమీ తెలియదని అర్థం. మొదట్లో పొరుగు వెక్టర్లన్నీ సున్నాలే కాబట్టి ప్రతి జతకూ ఇదే జవాబు వస్తుంది. నిజమైన జతకు రావలసింది 1, వచ్చింది 0.5, తేడా 0.5. ఈ తేడాను అభ్యాస వేగంతో గుణిస్తారు. వర్డ్2వెక్‌లో అది 0.025తో మొదలవుతుంది కనుక ఫలితం 0.0125. ఆ మేరకు రెండు వెక్టర్లూ ఒకదాని వైపు మరొకటి జరుగుతాయి. కాని జత అయితే అదే మేరకు దూరం జరుగుతాయి. కొంతకాలానికి వరద–నీరు జతకు మొత్తం 3కు చేరిందంటే సంభావ్యత 0.95 అవుతుంది. తేడా 0.05కు పడిపోతుంది, కదలిక కూడా దాదాపు ఆగిపోతుంది. కోట్ల జతల మీద ఈ లాగుడూ నెట్టుడూ సాగితే చివరికి మిగిలేవే వెక్టర్లు. సాధారణంగా మధ్యపదపు వెక్టర్లనే ఉంచుకుని, పొరుగు వెక్టర్లను వదిలేస్తారు.

ఈ లాగుడూ నెట్టుడూ ఎక్కడ సమతూకానికి వస్తాయన్న ప్రశ్నకు 2014లో ఒమెర్ లెవీ, యోవ్ గోల్డ్‌బర్గ్ జవాబు చూపారు. రెండు పదాలు కేవలం కాకతాళీయంగా ఎన్నిసార్లు కలిసి కనబడాలో, నిజంగా ఎన్నిసార్లు కనబడ్డాయో చూసి, ఆ నిష్పత్తికి లాగరిథమ్ తీసుకుంటే వచ్చే సంఖ్యే ఆ సమతూకం. కాని జతలు ఎన్ని వాడామన్నదాన్ని బట్టి అందులోంచి ఒక స్థిరసంఖ్య తగ్గుతుంది, అంతే. వెక్టర్లలో అంకెలు కావలసినన్ని ఉంటే ఈ సమానత్వం పక్కాగా నిలుస్తుంది. 300 అంకెలే ఉన్నప్పుడు దానికి దగ్గరగా వస్తుంది. అంటే వెక్టర్లలో దాగి ఉన్నది ఏ పదం ఏ పదాల పక్కన అనుకున్నదానికంటే ఎక్కువగా వస్తుందన్న లెక్క. అర్థం గురించి కంప్యూటర్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు.

తీసివేత ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. లాగరిథమ్‌ల తీసివేత అంటే నిష్పత్తి. కాబట్టి "కింగ్" వెక్టర్‌లోంచి "క్వీన్" వెక్టర్‌ను తీసేస్తే మిగిలేది, ఏ పొరుగుపదం కింగ్ పక్కన క్వీన్ పక్కన కంటే ఎన్ని రెట్లు ఎక్కువగా వస్తుందన్న సమాచారం. కింగ్ చుట్టూ పురుషుల సర్వనామాలు, క్వీన్ చుట్టూ స్త్రీల సర్వనామాలు ఎక్కువ. మ్యాన్, వుమన్‌ల మధ్య కూడా దాదాపు అలాంటి తేడాయే ఉంటుంది. రెండు జతల్లోనూ పొరుగువారి నిష్పత్తులు ఒకే తీరులో మారితే, ఆ రెండు తేడా వెక్టర్లూ ఇంచుమించు ఒకే దిశలో ఉంటాయి. ఇది గారడీ కాదు, పాఠ్యంలో నిజంగా ఉన్న క్రమమే.

అయితే ఆ క్రమం ఎంత బలమైనది? గూగుల్ వార్తల వెక్టర్లను జెన్‌సిమ్ అనే పైథాన్ లైబ్రరీలోకి తీసుకుని ఈ ఆజ్ఞ ఇస్తే జవాబు వస్తుంది:

```
model.most_similar(positive=["king", "woman"], negative=["man"])
```

మొదటి జవాబు క్వీన్, పోలిక 0.7118. ఈ పోలిక రెండు వెక్టర్ల మధ్య కోణపు కొసైన్. ఒకే దిశలో ఉంటే 1, సంబంధం లేకపోతే సున్నా. ముందుగా వెక్టర్లన్నిటి పొడవునూ ఒకటికి కుదిస్తారు కాబట్టి ఈ పెద్ద లెక్కను చిన్న పోలికలుగా విడదీసి చేత్తో కూడా వేయవచ్చు. ఏ పదానికైనా దక్కే మార్కు, కింగ్‌తో దాని పోలికలోంచి మ్యాన్‌తో పోలిక తీసేసి, వుమన్‌తో పోలిక కలిపితే వచ్చేదే. క్వీన్‌కు కింగ్‌తో పోలిక 0.65, మ్యాన్‌తో 0.17, వుమన్‌తో 0.32. కాబట్టి దాని మార్కు 0.80. దీన్ని ఫలిత వెక్టర్ పొడవైన 1.125తో భాగిస్తే 0.71, అంటే జెన్‌సిమ్ చూపిన సంఖ్యే.

ఇప్పుడు ఇదే లెక్క కింగ్‌కు వేయాలి. కింగ్‌కు తనతో తన పోలిక 1. మ్యాన్‌తో 0.23, వుమన్‌తో 0.13. మార్కు 0.90, భాగించాక 0.80. అంటే ఈ లెక్కకు అసలైన జవాబు కింగే! క్వీన్ రెండో స్థానంలోనే ఉంది. మొదటి స్థానంలో కనబడటానికి కారణం, ప్రశ్నలో ఇచ్చిన మూడు పదాలనూ జవాబుల్లోంచి తొలగించే నియమం. జెన్‌సిమ్‌తో సహా ఈ పరీక్ష నడిపే ప్రోగ్రాములు మామూలుగా ఈ నియమాన్ని చెప్పకుండానే పాటిస్తాయి.

కారణం కూడా అదే లెక్కలో ఉంది. మ్యాన్, వుమన్ వెక్టర్ల మధ్య పోలిక 0.77. ఒకదానిలోంచి మరొకటి తీస్తే మిగిలేది చిన్న వెక్టర్. దాన్ని కలిపినా కింగ్ ఉన్న చోటు నుంచి ఎంతో దూరం పోము. క్వీన్‌కు దక్కిన 0.80 మార్కులో 0.65 కింగ్‌కు దగ్గరగా ఉన్నందుకు వచ్చింది. స్త్రీత్వపు దిశ ఇచ్చింది 0.15 మాత్రమే.

అలాగని ఆ 0.15ను కొట్టిపారేయడం కూడా తప్పే. కింగ్‌కు అన్నిటికంటే దగ్గరి పదం దాని బహువచనమైన "కింగ్స్", పోలిక 0.71. క్వీన్ 0.65తో రెండోది. లెక్క చేశాక కింగ్స్ 0.52కు దిగిపోయింది, క్వీన్ 0.71కి ఎక్కింది. ఆ చిన్న వెక్టర్ సరైన వైపుకే నెట్టింది. అయితే ముందునుంచీ పక్కనే నిలబడి ఉన్న పదాన్ని ఒక మెట్టు ఎక్కించింది, అంతే. ఎక్కడో దూరాన ఉన్న రాణిని తర్కంతో వెతికి పట్టుకురాలేదు.

ఈ రెండింటినీ వేరుచేసి చూసే పరీక్షను 2016లో టాల్ లిన్జెన్ ప్రతిపాదించారు. మొదట తొలగింపు నియమం లేకుండా లెక్క నడపాలి. తర్వాత కూడికా తీసివేతా ఏమీ చేయకుండా, మూడో పదానికి అతి దగ్గరి పదాన్నే జవాబుగా చెప్పి ఎన్ని సరిపోతాయో చూడాలి. ఇంగ్లిష్ ఏకవచనం నుంచి బహువచనం అడిగే ప్రశ్నల్లో ఏ లెక్కా లేకుండానే చాలా జవాబులు సరిపోతాయి, ఎందుకంటే ఒక నామవాచకానికి అతి దగ్గరి పదం తరచుగా దాని బహువచనమే. అలాంటి విభాగంలో వచ్చిన మంచి మార్కును వెక్టర్ గణితం గొప్పతనంగా చూపించడం న్యాయం కాదు. దేశం–రాజధాని వంటి సంబంధాల్లో ఈ లెక్క బాగా నడుస్తుంది. పర్యాయపదాలు, వ్యతిరేకపదాల దగ్గర తడబడుతుంది. "వేడి", "చల్లని" ఒకే పదాల మధ్య వాడతాం కాబట్టి వాటి వెక్టర్లు పక్కపక్కనే చేరతాయి. ఒక జత నుంచి ఇంకో జతకు తీసుకుపోగల స్థిరమైన దిశ వాటి మధ్య ఉండదు.

తొలగింపు నియమం వల్ల జరిగిన అసలు నష్టం వివక్ష మీద జరిగిన చర్చలో కనబడుతుంది. పురుషుడు డాక్టర్ అయితే స్త్రీ ఎవరు అని అడిగితే వెక్టర్లు "నర్స్" అన్నాయని విస్తృతంగా ప్రచారమైంది. కానీ డాక్టర్ అన్న పదాన్ని జవాబుగా రానివ్వకుండా ముందే ఆపేశాక ఇంకేం చెబుతుంది? ఆ ఆంక్ష తీసేస్తే జవాబు డాక్టరే అని 2020లో మాల్వినా నిస్సిమ్, మరో ఇద్దరు పరిశోధకులు చూపారు. వెక్టర్లలో వివక్ష లేదని వారు అనలేదు. వార్తల్లో నర్స్ అన్న మాట స్త్రీల ప్రస్తావన పక్కన ఎక్కువగా వస్తే ఆ మొగ్గు వెక్టర్‌లోకి రాక తప్పదు. దాన్ని కొలవాలంటే ఒక్కో వృత్తి పదానికి స్త్రీవాచకాలతో పోలిక ఎంత, పురుషవాచకాలతో ఎంత అని నేరుగా చూసి, చాలా పదాల మీద సగటు తీయాలి. ఒక్క ఆకర్షణీయమైన సమీకరణం ఆ పని చేయలేదు.

తెలుగుకు వచ్చేసరికి చిక్కు ఇంకోచోట మొదలవుతుంది. రాజు, రాజుకి, రాజుతో, రాజుగారిని, రాజులంటే – ఇవన్నీ స్కిప్-గ్రామ్ దృష్టిలో సంబంధం లేని వేర్వేరు పదాలు. ఒక్కొక్కటీ కనబడేది తక్కువసార్లు కాబట్టి వాటి వెక్టర్లు కుదురుగా నేర్పడవు. ఈ ఇబ్బంది తీర్చడానికి ఫేస్‌బుక్ పరిశోధకులు ఫాస్ట్‌టెక్స్ట్ తయారుచేశారు. అందులో మికొలోవ్ కూడా ఉన్నారు. ఇది పదాన్ని మూడు నుంచి ఆరు అక్షరసంకేతాల ముక్కలుగా కోసి, ఆ ముక్కల వెక్టర్లను కూడి పదపు వెక్టర్ చేస్తుంది. తెలుగు సహా వందకు పైగా భాషల వెక్టర్లు ఇలా విడుదలయ్యాయి. రాజు, రాజుకి మొదటి ముక్కలను పంచుకుంటాయి, రాజుకి, గురువుకి చివరి ముక్కను పంచుకుంటాయి. అందువల్ల "రాజుకి"లోంచి "రాజు" తీసేసి "గురువు" కలిపితే "గురువుకి" తేలిగ్గా వస్తుంది. ఆ విజయంలో పొరుగుపదాల నుంచి నేర్చిన దాని వాటా ఎంత, ఒకే అక్షరాలు ఉండటం వల్ల వచ్చిన వాటా ఎంత అన్నది ఆ ఒక్క జవాబు చూసి చెప్పలేం. అది తేలాలంటే రూపంలో పోలిక లేని జతలతో, అంటే అన్న–అక్క, ఎద్దు–ఆవు వంటి వాటితో, తొలగింపు నియమం పెట్టకుండా విడిగా పరీక్షించాలి.